సరిహద్దు దాటే పాల ప్యాకెట్

చిత్తూరు నుంచి వేలూరుకు నలభై కిలోమీటర్లకు అటూఇటూ. గుడిపాల దాటితే తమిళనాడు మొదలవుతుంది. చిత్తూరు పల్లెల్లో సాయంత్రం పితికిన పాలు ఒకరోజు తేడాతో వేలూరు టీకొట్టులో మరగడానికి దూరం ఏమాత్రం అడ్డు కాదు. అదే డెయిరీ తన పాలను విజయవాడలో అమ్మాలంటే అంతకు పది రెట్లు దూరం బండి నడపాలి. కాగితాల బాధ కూడా పెద్దగా లేదు. ప్యాకెట్ పాల మీద జీఎస్టీ లేదు, వాటికి ఈ-వే బిల్లు అక్కర్లేదు. బండికి పర్మిట్, డెయిరీకి ఆహార భద్రత లైసెన్సు, అక్కడ సరుకు దింపుకొనే డిస్ట్రిబ్యూటరుకు తన పేరిట లైసెన్సో రిజిస్ట్రేషనో ఉంటే సరుకు కదులుతుంది. ఇంత సులువుగా కనిపించే ఈ పనిలోకి దిగి, నాలుగైదు నెలలు డబ్బు పోగొట్టుకుని వెనక్కి వచ్చే డెయిరీలు ఉంటాయి. పాలు బాగోక కాదు. ఆ పాలను తెల్లవారకముందే అంగళ్లకు చేర్చే మనిషి వాళ్లకు దొరకక, దొరికినా నిలవక.

పక్క రాష్ట్రంలో పాలు అమ్మడం అంటే మనకు ముందుగా గుర్తొచ్చేవి పేపర్లలో వచ్చిన గొడవలు. 2023 ఏప్రిల్ 5న అమూల్ బెంగళూరులో పాలు, పెరుగు అమ్ముతామని ప్రకటించగానే కర్ణాటక అట్టుడికింది. ఎన్నికల ముందు కావడంతో నందిని బ్రాండును కాపాడుకోవాలన్న పిలుపు వీధుల్లోకి వచ్చింది, హోటళ్ల సంఘం తాము నందినినే వాడతామంది. మరుసటి నెలలోనే తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ అమూల్ మీద కేంద్ర హోంమంత్రికి లేఖ రాశారు. ఆ ఏడాదే నందిని దుకాణాలు తెరవడాన్ని కేరళలో మిల్మా వ్యతిరేకించింది. ఈ గొడవలను జాగ్రత్తగా చూస్తే ఒక తేడా తెలుస్తుంది. స్టాలిన్ లేఖలో అభ్యంతరం అమూల్ తమిళనాడులో సరుకు అమ్ముతున్నందుకు కాదు. కృష్ణగిరి, వేలూరు వంటి జిల్లాల్లో రైతుల దగ్గర పాలు సేకరించడానికి సిద్ధమవుతున్నందుకు. అమ్మకానికి వచ్చిన బ్రాండును ఒక రాష్ట్రం పోటీగా చూస్తుంది. తన రైతు ఇంటి ముందు పాలక్యాన్ పెట్టిన బ్రాండును మాత్రం తన సహకార సంఘానికే ముప్పుగా చూస్తుంది. కాబట్టి మొదటి ఏళ్లలో పాలు ఇంటి దగ్గరే సేకరించి, బయట అమ్మకం వరకే పరిమితమయ్యే డెయిరీకి రాజకీయం నుంచి వచ్చే తలనొప్పి తక్కువ. ఇక మిగిలిన అడ్డంకి డిస్ట్రిబ్యూటరు ఒక్కడే.

ఎటు వెళ్లాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. చిత్తూరు డెయిరీకి కోలారు మీదుగా బెంగళూరు ఒక దారి, వేలూరు మరో దారి. కర్ణాటకలో సహకార సంఘాలకు పాలు పోసే రైతుకు ప్రభుత్వం లీటరుకు 5 రూపాయల ప్రోత్సాహకం ఇస్తూ వస్తోంది. దానివల్ల నందిని సాధారణ ప్యాకెట్ ధరను ప్రైవేటు డెయిరీ అందుకోలేదు. తమిళనాడులోనూ ధర గోడ ఉంది. 2021 మే నెలలో కొత్త ప్రభుత్వం ఆవిన్ పాల ధరను లీటరుకు 3 రూపాయలు తగ్గించింది. కానీ ఆవిన్ ఒక్కటే అక్కడి పట్టణాల అవసరం తీర్చలేదు. ఆరోక్యతో పాటు మన తిరుమల, హెరిటేజ్, దొడ్ల వంటి బ్రాండ్లు చెన్నైలో ఏళ్లుగా అమ్ముడవుతున్నాయి. అంటే ఆవిన్ కంటే కొన్ని రూపాయలు ఎక్కువ పెట్టి ప్రైవేటు ప్యాకెట్ కొనే అలవాటు జనంలో ఇప్పటికే ఉంది. మొదటి అడుగుకు వేలూరు వైపే మేలని నా అభిప్రాయం.

మార్జిన్ ఎంతన్నది రెండో ప్రశ్న

చిత్తూరు దగ్గర రోజుకు నలభై వేల లీటర్లు ప్యాక్ చేసే ఒక మధ్యరకం డెయిరీ ఉందనుకుందాం. అది వేలూరు వెళ్లి ఒక డిస్ట్రిబ్యూటరును కలుస్తుంది. ఆయన దగ్గర ఇప్పటికే రెండు బ్రాండ్లున్నాయి, ఒక చిన్న ట్రక్కు, ఇద్దరు కుర్రాళ్లు, నూట ఇరవై అంగళ్లు ఉన్నాయి. డెయిరీ మనుషులు సాధారణంగా మాట మొదలుపెట్టేది మార్జిన్‌తో: మిగతా వాళ్లు లీటరుకు రూపాయిన్నర ఇస్తుంటే మేం పావలా ఎక్కువ ఇస్తామని. ఆయన తల ఊపుతాడు, టీ ఇప్పిస్తాడు, ఆలోచించి చెబుతానంటాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడు.

ఎందుకో తెలియాలంటే ఆయన పుస్తకం చూడాలి. లెక్క సులువుగా ఉండటానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ లీటరుకు 54 రూపాయలు. డిస్ట్రిబ్యూటరు కంపెనీకి కట్టేది 50.50, అంగడికి వేసేది 52. అంగడివాడికి 2 రూపాయలు, ఈయనకు రూపాయిన్నర. కొత్త బ్రాండు రోజుకు 300 లీటర్లు తీసుకుంటే అన్నీ అమ్ముడుపోయిన రోజు ఈయనకు మిగిలేది 450 రూపాయలు. ఇప్పుడు ఒకరోజు పది లీటర్లు మిగిలాయనుకోండి. అమ్మిన 290 లీటర్ల మీద 435 రూపాయలు వచ్చింది. మిగిలిన పది లీటర్లకు కంపెనీకి కట్టిన 505 పోయింది. అంటే తెల్లవారుజామున లేచి తిరిగినందుకు 70 రూపాయలు చేతి నుంచి పడ్డాయి. ఒక లీటరు మిగిలితే దాదాపు ముప్పైనాలుగు లీటర్ల మార్జిన్ తుడిచిపెట్టుకుపోతుంది. ఈ ఒక్క నిష్పత్తి పాల వ్యాపారంలో డిస్ట్రిబ్యూటరు మనసును మొత్తం నడిపిస్తుంది. లీటరుకు పావలా ఎక్కువ ఇస్తే ఆయనకు రోజుకు 75 రూపాయలు పెరుగుతుంది. రెండు లీటర్లు మిగలకుండా చూస్తే అంతకంటే ఎక్కువ ఆదా అవుతుంది.

దీనికి అప్పు తోడవుతుంది. పాల కంపెనీలు డిస్ట్రిబ్యూటరు దగ్గర డబ్బు ముందుగానో రోజువారీగానో కట్టించుకుంటాయి. అంగడివాడు మాత్రం ఏరోజుకారోజు ఇవ్వడు. కొత్త బ్రాండైతే వారం అప్పు అడుగుతాడు. 300 లీటర్ల మీద వారం అప్పంటే లక్ష రూపాయల పైన డబ్బు అంగళ్లలో ఇరుక్కుంటుంది. ఆ బ్రాండు మధ్యలో సరుకు ఆపేసి పోతే, అంగడివాడు ఆ బాకీని ఇవ్వడానికి తొందరపడడు. వేలూరు డిస్ట్రిబ్యూటరు ఫోను ఎత్తకపోవడం వెనక ఇంతకుముందు వచ్చిపోయిన బ్రాండ్ల బాకీలు ఉండవచ్చు.

కాబట్టి మొదటి భేటీలో మార్జిన్ కంటే ముందు మూడు విషయాలు కాగితం మీద పెట్టగలిగిన డెయిరీయే ఆయన చెవికి ఎక్కుతుంది. లీకైన ప్యాకెట్‌కు మర్నాడే బదులు ప్యాకెట్, వాదన లేకుండా. మొదటి రెండు నెలలు మిగిలిన సరుకులో ఇంత శాతం వరకు కంపెనీ భరిస్తుందన్న మాట. ఆయన ప్రాంతం హద్దులు ఫలానా రోడ్డు నుంచి ఫలానా వాగు దాకా అని పేర్లతో సహా.

లీకేజీ చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ దాని మీదే చాలా సంబంధాలు తెగుతాయి. అరలీటరు ప్యాకెట్లు ఇరవైనాలుగు పట్టే ట్రేలో ఒక్కటి కారితే మిగతా ఇరవైమూడూ జిడ్డుగా తడిసిపోతాయి. అంగడివాడు ఆ ట్రేనే వద్దంటాడు. కారడానికి కారణాన్ని ప్యాకెట్ చూసే చెప్పవచ్చు. అతుకు దగ్గర కారితే తప్పు డెయిరీది: ప్యాకింగ్ మిషను సీలు వేడి సరిగా లేదు, లేదా ఫిల్మ్ పలచగా వచ్చింది. మధ్యలో సూది రంధ్రం పడితే ట్రే అంచు విరిగి గీసుకుంది. నలిగి పగిలితే బండిలో ట్రేలు ఒకదాని మీద ఒకటి అతిగా పేర్చారు. కారిన ప్యాకెట్లను ఖాళీ చేసి డిస్ట్రిబ్యూటరు వెనక్కి పంపితే, డెయిరీలో వాటిని ఇలా మూడు కుప్పలుగా వేరు చేసి చూడాలి. చాలాచోట్ల వాటిని లెక్కపెట్టి పారేస్తారు. లెక్క తగ్గించడానికి డిస్ట్రిబ్యూటరుతో వాదిస్తారు కూడా. రోజుకు నాలుగు ప్యాకెట్ల దగ్గర వాదించి, ఏడాదికి లక్ష లీటర్లు అమ్మిపెట్టే మనిషిని పోగొట్టుకుంటారు.

మూడున్నరకు బండి

డిస్ట్రిబ్యూటరు నిజంగా అడిగే మొదటి ప్రశ్న వేరు: బండి ఎన్నింటికి వస్తుంది?

తమిళనాడు పట్టణాల్లో టీకొట్లు తెల్లవారకముందే తెరుచుకుంటాయి. ఇళ్లకు ప్యాకెట్లు వేసే కుర్రాళ్లు నాలుగున్నరకల్లా సైకిళ్ల మీద ఉండాలి. డిస్ట్రిబ్యూటరు తన రెండు పాత బ్రాండ్ల ట్రేలను మూడున్నర నాలుగు మధ్య దింపుకుని, ట్రక్కులో వరుస ప్రకారం సర్దుకుని బయల్దేరతాడు. కొత్త బ్రాండు బండి నాలుగున్నరకు వస్తే ఆయన ముందు రెండు దారులే ఉంటాయి. ఆ ట్రేల కోసం ఆగితే పాత బ్రాండ్ల పాలు కూడా ఆలస్యమవుతాయి. ఆగకుండా పోతే కొత్త పాల కోసం మళ్లీ ఒక తిరుగుడు తిరగాలి. రోజుకు 450 రూపాయల కోసం తనకు తిండి పెడుతున్న రెండు బ్రాండ్లను ఎవరూ పాడుచేసుకోరు. అందుకని కొత్తగా వెళ్లే బ్రాండు అక్కడి పెద్ద బ్రాండు బండి కంటే ముందు చేరాలి. తర్వాత చేరితే మొదటి వారంలోనే ఆ ఊరి తలుపు మూసుకున్నట్టు.

చిత్తూరు డెయిరీకి ఇక్కడ దూరం కలిసొస్తుంది. రాత్రి రెండింటికి లోడయితే మూడుంబావుకు వేలూరులో ఉండొచ్చు. ప్యాకెట్లు నాలుగు డిగ్రీల చల్లదనంతో బండెక్కి, దిగేటప్పటికి ఏడు దాటకుండా ఉండాలంటే ఇన్సులేషన్ ఉన్న బండి కావాలి. టార్పాలిన్ కప్పిన బండి జనవరిలో సరిపోతుంది, ఏప్రిల్‌లో సరిపోదు.

అయితే ఈ బండి దగ్గరే డెయిరీ చిక్కుల్లో పడుతుంది. బండికి డ్రైవరు, డీజిలు, అద్దె కలిపి రోజుకు నాలుగు వేల రూపాయలనుకుందాం. మూడు వేల లీటర్లు తీసుకెళితే లీటరుకు రూపాయి ముప్పైమూడు పైసలు పడుతుంది. మొదటి నెలలో ఆరువందల లీటర్లే వెళితే లీటరుకు ఆరు రూపాయల అరవైఏడు పైసలు. ఆ మార్కెట్లో డెయిరీకి మిగిలేదంతా డీజిలుకే పోతుంది. చిత్తూరు ఆఫీసులో ఈ అంకె చూసిన మేనేజరు సేల్స్ కుర్రాడికి ఫోను చేసి బండి నింపమంటాడు. ఆ కుర్రాడు డిస్ట్రిబ్యూటరు దగ్గర కూర్చుని, 300 ఇండెంటును 400 చేయమని బతిమాలతాడు. పది లీటర్లకు ఒకటి ఉచితమన్న స్కీము తెస్తాడు. నెలాఖరుకు టార్గెట్ అందుతుంది. మొదటి వారానికి అంగళ్ల ఫ్రిజ్‌లలో నిన్నటి తేదీ ప్యాకెట్లు కనిపిస్తాయి. అంగడివాడు వాటిని కొత్త ప్యాకెట్లతో కలిపి అమ్మేస్తాడు. ఇంటికి తీసుకెళ్లిన ఇల్లాలికి కాచగానే విరిగిపోతాయి. ఆ బ్రాండు పాలు విరుగుతాయన్న మాట ఆ వీధిలో స్థిరపడుతుంది. ఇంత నష్టానికి మూలం ఎక్కడో ఆఫీసులో కనిపించిన ఆరు రూపాయల అరవైఏడు పైసలు.

దీనికి తెలివైన మార్గం బండిని నింపడం కాదు, ఖాళీ బండి ఖర్చును వేరేచోట కలపడం. గుడిపాల దాకా రోజూ వెళ్లే సొంత రూటు బండిని ముందుకు పొడిగిస్తే అదనంగా పడేది ఆ మిగిలిన దూరం డీజిలే. అదే బండిలో పాలతో పాటు పెరుగు, మజ్జిగ వెళ్లాలి. వేలూరుకు ముందు కాట్పాడిలో ఒక డిస్ట్రిబ్యూటరు ఉండాలి. ఇవి కుదరకపోతే మొదటి ఆరు నెలల రవాణా నష్టాన్ని పెట్టుబడిగా రాసుకుని, సేల్స్ కుర్రాడి టార్గెట్‌ను లీటర్లలో కాకుండా వరుసగా ముప్పై రోజులు సరుకు దించుకున్న అంగళ్ల సంఖ్యలో పెట్టాలి. కొత్త ఊళ్లో ఇండెంటు ఎప్పుడూ అవసరం కంటే కాస్త తక్కువే ఉండాలి. పదకొండింటికి ప్యాకెట్లు అయిపోయాయని అంగడివాడు డిస్ట్రిబ్యూటరుకు ఫోను చేసి అడిగిన రోజున, ఆయనే మర్నాటికి ఇరవై లీటర్లు పెంచుతాడు. అలా పెరిగిన ఇరవై లీటర్లు నిలుస్తాయి.

ఏ పాలు, ఎవరికి

వేలూరులో సీఎంసీ ఆసుపత్రి ఉంది, వీఐటీ విశ్వవిద్యాలయం ఉంది. రెండింటికీ మనవాళ్లు పెద్ద సంఖ్యలో వెళతారు. ఆసుపత్రి చుట్టూ లాడ్జీల్లో, మెస్సుల్లో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. చిత్తూరు డెయిరీకి ఇది సహజమైన మొదటి మెట్టు. తెలిసిన పేరు కనబడితే రోగి బంధువులు ఆ ప్యాకెటే అడుగుతారు. కానీ ఈ అమ్మకం ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. సెలవులకు విద్యార్థులు ఊళ్లకు పోతే సగానికి పడిపోతుంది. దీన్ని చూసి ఊరంతా మనల్ని ఆదరిస్తోందనుకోవడం పొరపాటు.

ఊరిని గెలిపించేది టీకొట్టు. రోజుకు ముప్పై నలభై లీటర్లు తీసుకునే టీకొట్టు పాతిక ఇళ్లతో సమానం. అక్కడ నిర్ణయం యజమానిది కాదు, టీ మాస్టరుది. ఆయన చూసేవి రెండే. లీటరు పాలతో ఎన్ని గ్లాసులు వస్తాయి, గంటల తరబడి మరిగినా పాలు విరగకుండా ఉంటాయా. మొదటిది వెన్న, ఇతర ఘనపదార్థాల మీద ఆధారపడుతుంది. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఘనపదార్థాలు 8.5 శాతం ఉండాలి. స్టాండర్డ్ పాలలో వెన్న 4.5 శాతం. టీకొట్లకు స్టాండర్డో, 6 శాతం వెన్న ఉండే ఫుల్‌క్రీమో వెళ్లాలి. రెండోది పల్లెలో మొదలవుతుంది. పితికిన పాలు పల్లె శీతలీకరణ కేంద్రానికి చేరడం ఆలస్యమైతే సూక్ష్మజీవులు పెరిగి పులుపు మొదలవుతుంది. తర్వాత పాశ్చరైజ్ చేసినా ఆ పులుపు పోదు. నాలుకకు తెలియదు గానీ మరిగే పాత్రలో బయటపడుతుంది. వేలూరు టీ మాస్టరు నుంచి విరిగిందని ఫిర్యాదు వస్తే, ఏ రూటు పాలు ఆ రోజు ఆలస్యంగా వచ్చాయో వెతకాల్సింది చిత్తూరులోనే.

ఆవుపాలా గేదెపాలా అన్నదీ ఇక్కడ తేలాలి. చిత్తూరులో ఎక్కువగా ఉన్నవి సంకరజాతి ఆవులు. తమిళనాడు వంటింటికి, కాఫీకి అలవాటైన రంగూ రుచీ ఆవుపాలవే. కృష్ణా, గుంటూరు వైపు గేదెపాలకు అలవాటుపడిన డెయిరీ తన ఇంటి ప్యాకెట్‌నే అక్కడికి పంపితే, చిక్కగా ఉన్నా జనానికి కొత్తగా అనిపిస్తుంది. ప్యాకెట్ మీద తమిళం ఉండాలన్నది చెప్పనక్కర్లేదు. రంగు విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. ఆవిన్ కొనే ఇల్లాలికి నీలం ప్యాకెట్ అంటే టోన్డ్, పచ్చ ప్యాకెట్ అంటే స్టాండర్డ్. మన డెయిరీ రంగులు దానికి అడ్డంగా ఉంటే అంగడివాడు రోజూ వివరించలేడు.

నన్నడిగితే మొదటి రెండు నెలలు పాల కంటే పెరుగు ముందు నడవాలి. పెరుగు ప్యాకెట్‌కు రోజుల గడువుంది, కాబట్టి మిగిలిందంటే మర్నాడు అమ్ముకోవచ్చు. డిస్ట్రిబ్యూటరుకు మార్జిన్ ఎక్కువ, భయం తక్కువ. 2022 జూలై నుంచి ప్యాకెట్ పెరుగు మీద 5 శాతం జీఎస్టీ పడింది, ఆ లెక్క బిల్లులో సరిగా చూపించాలి, అంతే తేడా. మెస్సులు, హోటళ్లు అయిదు కిలోల ప్యాకెట్లు, బకెట్లు తీసుకుంటాయి. పెరుగుతో నమ్మకం కుదిరిన డిస్ట్రిబ్యూటరే ఒకరోజు నాలుగు ట్రేల పాలు కూడా వేయమంటాడు.

ఎవరిని పట్టుకోవాలి

కొత్త బ్రాండ్లు ఊళ్లో అందరికంటే పెద్ద డిస్ట్రిబ్యూటరు దగ్గరకే ముందు వెళతాయి. ఆయన ఒప్పుకుంటే పండగ చేసుకుంటాయి. ఆయనకు రోజుకు అయిదారు వేల లీటర్ల వ్యాపారం ఉంటుంది, మన 300 లీటర్లు లెక్కలోకి రావు. కొన్నిసార్లు ఆయన ఒప్పుకునేది మన బ్రాండు మరొకరి చేతికి పోకుండా ఉండటానికే. ట్రేలు దిగుతాయి, అంగళ్లకు వెళ్లవు. వెయ్యి లీటర్ల దగ్గర ఉండి, తనే ట్రక్కు నడుపుకుంటూ, రెండో బండి కొనాలని చూస్తున్న మనిషి మనకు కావాలి. ఆయన ఎలాంటివాడో తెలుసుకోవడానికి ఆయనతో మాట్లాడటం కంటే ఒక తెల్లవారుజామున ఆయన ట్రక్కు వెనక తిరగడం మేలు. అంగడి తలుపు తీయకముందే ట్రేలు గడప దగ్గర పెట్టి వెళ్లగలుగుతున్నాడంటే అంగళ్లవాళ్లు ఆయన్ను నమ్ముతున్నారు. ఖాళీ ట్రేలు ఏరోజుకారోజు వెనక్కి వస్తున్నాయంటే ఆయన మీద అదుపుంది. పాత బ్రాండ్లను వదిలేసి మనదొక్కటే వేయమని ఆయన్ను అడగకూడదు. ఆ బ్రాండ్లు నింపిన ట్రక్కులోనే మన ట్రేలకు చోటు దొరుకుతోంది.

సంబంధం చెడుతున్న సంగతి మాటల్లో ముందుగా బయటపడదు. ఖాళీ ట్రేలు తగ్గి వస్తాయి. రోజూ కట్టే డబ్బు రెండు రోజులకోసారి అవుతుంది. ఇండెంటు ఫోను మధ్యాహ్నం రెండింటికి కాకుండా అయిదింటికి వస్తుంది. ఈ మూడింట్లో రెండు కనిపిస్తే సేల్స్ కుర్రాణ్ని కాదు, యజమానో మేనేజరో స్వయంగా వెళ్లి కూర్చోవాలి.

మే నెల

పాల వ్యాపారంలో అసలు పరీక్ష ఎండాకాలం. మార్చి నుంచి ఆవులు పాలు తగ్గిస్తాయి, గడ్డి దొరకదు, సేకరణ పడిపోతుంది. అదే సమయంలో పెరుగుకూ మజ్జిగకూ గిరాకీ పెరుగుతుంది. నలభై వేల లీటర్లు ముప్పైవేలకు పడిపోయిన డెయిరీ ముందుగా కోత పెట్టేది దూరపు మార్కెట్‌కే. సొంత ఊరి ఏజెంట్లు గొడవ చేస్తారు, వేలూరు డిస్ట్రిబ్యూటరు ఒక్కడే కాబట్టి ఆయనకు 300 బదులు 120 వస్తాయి. ఆయన ఆరు నెలలు తిరిగి నిలబెట్టిన అంగళ్లు మళ్లీ పాత బ్రాండుకు వెళతాయి. జూలైలో పాలు పెరిగాక డెయిరీ స్కీములతో తిరిగొస్తుంది. అప్పుడు ఆయన పలకడు, పలకక్కర్లేదు కూడా.

అందువల్ల వేలూరుకు ఎంత పంపాలన్నది పాలు పొంగే నవంబరు డిసెంబరు సేకరణ చూసి కాదు, మే నెల సేకరణ చూసి తేల్చాలి. మేలో రెండు వేల లీటర్లు తప్పకుండా ఇవ్వగలమంటే డిసెంబరులోనూ రెండు వేల దగ్గరే ఉండాలి, మిగతాది వెన్న, పొడి చేసుకోవాలి. ఇది యజమానికి కష్టంగా ఉంటుంది. కానీ ఎండాకాలంలో పూర్తి ఇండెంటు అందుకున్న డిస్ట్రిబ్యూటరు తర్వాతి ఏడాది అడగకుండానే అడ్వాన్సు కడతాడు.

బయటి బ్రాండుకు పుకార్ల బెడద కూడా ఉంటుంది. 2017లో తమిళనాడు పాడిశాఖ మంత్రి ప్రైవేటు డెయిరీలు పాలలో రసాయనాలు కలుపుతున్నాయని బహిరంగంగా ఆరోపించారు. హట్సన్, దొడ్ల, విజయ్ డెయిరీలు మద్రాసు హైకోర్టుకు వెళ్లాయి. ఆధారం లేకుండా మాట్లాడవద్దని కోర్టు మంత్రిని కట్టడి చేసింది. కోర్టు మాట రావడానికి వారాలు పట్టింది, అంగడి ముందు జవాబు చెప్పాల్సింది మాత్రం ఆ ఉదయమే. ఇలాంటి రోజు వస్తుందని ముందే అనుకుని, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో నెలనెలా పరీక్ష చేయించిన కాగితాన్ని తమిళంలో డిస్ట్రిబ్యూటరు చేతిలో పెట్టే డెయిరీకి ఆయన అండగా మాట్లాడతాడు. ఆయన దగ్గర కాగితం లేకపోతే ట్రే పక్కన పెట్టేయడం తప్ప ఆయన చేయగలిగింది లేదు.

నేరుగా దిగితే

ఏడాది గడిచి రోజుకు రెండు వేల లీటర్లు దాటాక అసలు ప్రలోభం మొదలవుతుంది. ఒక పెద్ద హాస్టలు నేరుగా ఫోను చేస్తుంది: రోజుకు 400 లీటర్లు తీసుకుంటాం, డిస్ట్రిబ్యూటరు రేటు కంటే రూపాయి తగ్గించండని. డెయిరీ ఒప్పుకుంటే ఆ సాయంత్రమే డిస్ట్రిబ్యూటరుకు తెలుస్తుంది. హాస్టలు ఆయన హద్దులోనే ఉంది, ఆ బ్రాండుకు అక్కడ పేరు తెచ్చింది ఆయన తిరుగుడే. ఇలాంటి ఆర్డరును కాదనాల్సిన పని లేదు. బండి నేరుగా హాస్టలుకే వెళ్లవచ్చు, కానీ లీటరుకు అర్ధరూపాయైనా ఆయన ఖాతాలో పడాలి, ఆ సంగతి ఒప్పందంలో మొదటి రోజే రాసి ఉండాలి. ఫోను యాప్‌లలో పది నిమిషాల్లో సరుకు ఇచ్చే కంపెనీలకు పాలు వేసేటప్పుడూ ఇదే న్యాయం వర్తించాలి.

పెద్ద కంపెనీలు ఈ చిక్కుల నుంచి డబ్బుతో బయటపడతాయి. దొడ్ల డెయిరీ తమిళనాడులో కేసీ డెయిరీని, ఆ తర్వాత కర్ణాటకలో శ్రీకృష్ణ మిల్క్స్‌ను కొనుక్కుంది. ఉన్న డెయిరీని కొంటే ప్లాంటు, రైతులతో పాటు డిస్ట్రిబ్యూటర్ల వరుస కూడా వస్తుంది. నలభై వేల లీటర్ల డెయిరీకి ఆ దారి లేదు. ఒక్కో ఊళ్లో ఒక్కో మనిషిని నిలబెట్టుకుంటూ వెళ్లాల్సిందే.

ఇక్కడ నష్టం ఎవరిదన్నది మరిచిపోకూడదు. వేలూరులో అమ్ముడుపోని పాలకూ, ఖాళీగా తిరిగిన బండికీ డెయిరీ పెట్టిన ఖర్చు చివరికి చిత్తూరు రైతుకిచ్చే లీటరు రేటులోనే కోతగా కనిపిస్తుంది. రెండు ఆవులు పెట్టుకున్న మనిషికి వేలూరు ఎటుందో కూడా పట్టదు, పదిహేను రోజుల బిల్లులో తగ్గిన రూపాయి మాత్రం తెలుస్తుంది. అందుకే సరిహద్దు దాటాలనుకునే డెయిరీ యజమానులకు ఒక విన్నపం. చెన్నై జోలికి పోకండి. మీ బండి గంటన్నరలో చేరే ఒక్క ఊరు తీసుకోండి. మే నెల సేకరణ నుంచి ఆ ఊరికి కేటాయించగల లీటర్లెన్నో కాగితం మీద రాయండి. ఆ అంకె వెయ్యి లోపు ఉంటే ఈ ఏడాది వెళ్లకండి.